జేఏఐఐబీ ఇంక్రిమెంటు జీతంలో చేరిన విధానం: నా అనుభవం

బ్యాంకు ఉద్యోగులు రాసే వృత్తి పరీక్షలు పాసైతే క్లర్కులకు జేఏఐఐబీకి ఒకటి, సీఏఐఐబీకి రెండు అదనపు ఇంక్రిమెంట్లు రావాలి. నా జేఏఐఐబీ ఇంక్రిమెంటు మాత్రం పే స్లిప్పులో కనిపించలేదు. మేనేజరును అడిగినా, జీతాల విభాగానికి మెయిళ్లు పంపినా ఫలితం లేకపోయింది. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండగా, బ్యాంకు రికార్డులో పొడి అక్షరమే ఉండటం ఒక అడ్డంకి అయింది.

ముందుగా ఈ పరీక్షలు నిర్వహించే ఐఐబీఎఫ్ సభ్యత్వ వివరాల్లో పేరును బ్యాంకు రికార్డు ప్రకారం సరిచేయించి, కొత్త సర్టిఫికెట్‌ను బ్యాంకు ఉద్యోగుల పోర్టల్ హెచ్‌ఆర్‌ఎంఎస్‌లో విద్యార్హతల కింద, ఫలితాల తేదీతో సహా అప్‌లోడ్ చేశాను. మేనేజరు దాన్ని ఆమోదించాక, ఇంక్రిమెంటు మంజూరుకు విడిగా దరఖాస్తు పెట్టాను. మా బ్యాంకులో అర్హత నమోదైనంత మాత్రాన ఇంక్రిమెంటు దానంతటదే రాదు. తర్వాత బకాయిలతో సహా జమ అయింది.

మీ బ్యాంకులో పద్ధతి వేరుగా ఉండవచ్చు. జీతాల స్కేలు గరిష్ఠానికి చేరినవారికి ఇంక్రిమెంటు బదులు వృత్తి అర్హత వేతనం వర్తిస్తుంది. పదోన్నతిలో ఈ అర్హతకు మార్కులుంటాయా అన్నది ఆయా బ్యాంకు పదోన్నతి విధానాన్ని బట్టి ఉంటుంది కనుక, పదోన్నతి దరఖాస్తు గడువుకు ముందే నమోదు సరిచూసుకోవాలి.