జూదం బాకీలు తీర్చే ముందు జాగ్రత్తలు

- జూదమాడిన భర్తో భార్యో చెప్పిన మొత్తమే ఆఖరి లెక్క అనుకోకండి. భయంతోనో సిగ్గుతోనో మొదట కొంతే చెప్తారు. ఇద్దరూ కలిసి క్రెడిట్ రిపోర్ట్, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూడండి. చేబదుళ్లు వాటిలో కనపడవు, విడిగా అడగాలి.

- మీ జీతం మీ ఒక్కరి పేరున్న ఖాతాలోకి మార్చుకోండి. ఇంటి ఖర్చులు అక్కడినుంచే.

- తన ఖాతా మెసేజ్‌లు మీ ఫోన్‌కీ వచ్చేలా, తన ఒప్పుదలతోనే పెట్టుకోండి. దొంగచాటుగా చూస్తే కొత్త ఖాతా పుట్టుకొస్తుంది.

- వాయిదా డబ్బు తన చేతికివ్వకుండా నేరుగా అప్పిచ్చినవాళ్లకే కట్టండి. అసలు చిక్కు క్రెడిట్ కార్డుతోనే: కొత్త లోన్‌తో 60,000 బాకీ తీర్చేశారనుకోండి, ఆ 60,000 లిమిట్ మళ్లీ వాడుకోవచ్చు. మళ్లీ ఆడితే లోనూ ఉంటుంది, కార్డు బాకీ కూడా. కట్టిన రోజే కార్డు మూయించండి.