చేతికొచ్చే జీతం – 4వ పాఠం: 12 లక్షల గీత దగ్గర జారినవాళ్లకు

పోయినసారి ఇచ్చిన లెక్క: హైదరాబాదు ఉద్యోగి, నెల గ్రాస్ 1,15,000, బేసిక్ 57,500, కొత్త పన్ను విధానం, 2025-26 సంవత్సరం. నెలకు చేతికెంత? ఎక్కువమందికి 1,06,535 వచ్చింది. అది తప్పు. అసలు జవాబు 1,01,335.

పీఎఫ్ అందరూ సరిగ్గానే తీశారు: బేసిక్‌లో 12 శాతం, అంటే 6,900. వృత్తి పన్ను 200. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ గ్రాస్‌లో ఉండదు, కాబట్టి దాన్ని మళ్లీ తీయక్కర్లేదు. ఇక దాని ఊసు వద్దు.

తప్పంతా ఆదాయపు పన్నులోనే. ఏడాది గ్రాస్ 13,80,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 13,05,000. ఇక్కడ చాలామంది "12 లక్షల దాకా పన్ను లేదుగా" అనుకుని, మిగిలిన 1,05,000 మీదే 15 శాతం వేశారు. ఆ మాట వినీ వినీ విసుగొస్తోంది. 12 లక్షలు మినహాయింపు కాదు. శ్లాబుల ప్రకారం పన్ను మొదలయ్యేది 4 లక్షలు దాటగానే. పన్ను పడే ఆదాయం 12 లక్షల లోపు ఉన్నవాళ్లకు, లెక్క ప్రకారం వచ్చిన పన్నును రిబేటు రద్దు చేస్తుంది, అంతే. గీత దాటితే ఆ రిబేటు పోయి, కింది శ్లాబుల పన్ను కూడా మీద పడుతుంది.

4 నుంచి 8 లక్షలకు 5 శాతం, 20,000. 8 నుంచి 12కు 10 శాతం, 40,000. పైనున్న 1,05,000కు 15 శాతం, 15,750. మొత్తం 75,750. దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 78,780, నెలకు 6,565. మీరు వేసింది 1,365. నెలనెలా 5,200 తేడా అక్కడిదే.

మరి గీతను ఒక్క రూపాయి దాటితే 60,000 కట్టాలా? అక్కర్లేదు. దాటినంత మొత్తానికి మించి పన్ను వేయరు, సెస్సు మాత్రం అదనం. 12,10,000 అయితే పన్ను 10,000, సెస్సుతో 10,400. ఈ ఊరట సుమారు 12,70,000 దాకా పనిచేస్తుంది, ఆపైన మామూలు శ్లాబుల లెక్కే. నేనైతే శ్లాబుల పన్ను, 12 లక్షలు దాటిన మొత్తం, రెండూ లెక్కవేసి తక్కువది తీసుకుని దానికి సెస్సు కలుపుతాను. ఊరట ఎక్కడ ఆగుతుందో గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

పేస్లిప్‌లో పీఎఫ్ 1,800 కనిపిస్తే కంగారు పడకండి. కొన్ని కంపెనీలు 15,000 పరిమితి మీదే 12 శాతం కోస్తాయి.

అభ్యాసం: గ్రాస్ 1,09,000, పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200. నెలకు చేతికెంత? తర్వాత, ఏడాది మధ్యలో 50,000 బోనస్ ఇచ్చారు, దాని మీద పీఎఫ్ లేదు. పన్ను పోను ఆ బోనస్‌లో మిగిలేది 8,972. ఎందుకో మెట్టుమెట్టుగా రాసి చూపించండి.