కస్టమర్ కేర్ నంబరు అసలుదో నకిలీదో తేల్చుకోవడం ఎలా?

గూగుల్‌లో కనిపించే నంబరును ఆ కంపెనీయే పెట్టిందని అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. మ్యాప్స్‌లోని బ్యాంకు శాఖ వివరాలకు మార్పును ఎవరైనా సూచించవచ్చు, డబ్బు కట్టి ప్రకటన వేయించవచ్చు, కంపెనీ పేరుతో ఓ నకిలీ పేజీ తయారు చేయవచ్చు. పైగా ఫోను చేసింది మనమే కాబట్టి అవతలి వ్యక్తిని అనుమానించాలని మనకు తోచదు.

ముందుగా, నంబరును వెతకడం మాని, చేతిలో ఉన్నవాటిలో చూడండి. బ్యాంకుదైతే డెబిట్ కార్డు వెనుక, పాస్‌బుక్‌లో, బ్యాంకు యాప్‌లో ఉంటుంది. వెబ్‌సైటుకే వెళ్లాల్సి వస్తే చిరునామా చివర .bank.in ఉందో లేదో చూడండి. రిజర్వు బ్యాంకు ఆదేశంతో మన బ్యాంకులకు కేటాయించిన చిరునామా ఇది. పార్శిల్ విషయమైతే వస్తువు కొన్న యాప్‌లో ఆ ఆర్డరు తెరిచి, అందులోని సహాయం విభాగం నుంచే అడగండి. బ్యాంకు కస్టమర్ కేర్ అంటూ పదంకెల మొబైల్ నంబరు కనిపిస్తే, అక్కడితో ఆగిపోవడం మంచిది.

తర్వాత, మాట ఎటు వెళ్తోందో గమనించండి. ఉదాహరణకు, పార్శిల్ ఆగిందని మీరు ఫోను చేస్తే అవతలివాడు మర్యాదగా ట్రాకింగ్ నంబరు అడిగి, 'చిరునామా సరిచేయాలండీ, అయిదు రూపాయలు కట్టండి, లింకు పంపిస్తున్నాను' అంటాడు. అయిదు రూపాయలే కదా అని మనం నొక్కేస్తాం. వాడికి కావలసింది మాత్రం ఆ అయిదు రూపాయలు కాదు, ఆ పేజీలో మనం కొట్టే కార్డు వివరాలు, యూపీఐ పిన్. ఆ లింకుతో యాప్ ఒకటి ఫోనులోకి దిగితే, మనకొచ్చే ఓటీపీ సందేశాలు వాడికీ చేరిపోవచ్చు. ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమన్నా ఇంతే, మన తెర వాడి కళ్లముందు ఉంటుంది. రీఫండ్ రావడానికి పిన్ కొట్టమంటే వెంటనే ఫోను పెట్టేయండి, ఎందుకంటే డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

ఇప్పటికే లింకు నొక్కి ఉంటే, ముందు ఇంటర్నెట్ ఆపేసి ఆ యాప్‌ను తీసేయండి. వాడు ఏదైనా కోడ్ డయల్ చేయించి ఉంటే మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లుతుండవచ్చు. ఈ కోడ్ డయల్ చేస్తే ఆ మళ్లింపులన్నీ రద్దవుతాయి:

```
##002#
```

తర్వాత వేరే ఫోను నుంచి, కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోను చేసి కార్డును, యూపీఐని ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఫిర్యాదు అందితే అక్కడే దాన్ని నిలిపివేయించే అవకాశం ఉంటుంది. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు చేయవచ్చు. లావాదేవీ నంబరు, సమయం, మీరు ఫోను చేసిన నంబరు, అది కనిపించిన పేజీ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి. బ్యాంకుకు చెప్పినప్పుడు ఫిర్యాదు సంఖ్య తప్పకుండా అడిగి రాసుకోండి. పిన్ మనమే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు పోయిన సొమ్ము సాధారణంగా మన నెత్తినే పడుతుంది, తెలియజేశాక పోయినదానికి మాత్రం బ్యాంకే బాధ్యత వహించాలి.