డబ్బు కట్టయింది, టికెట్ రాలేదు (3వ పాఠం): రీఫండ్ ఎక్కడ ఆగిందో కనుక్కోవడం

పోయిన పాఠంలో యూపీఐతో కట్టిన డబ్బు మన బ్యాంకు నుంచి ఐఆర్‌సీటీసీ దాకా ఎలా వెళ్తుందో చూశాం. ఈసారి ఆ దారిలో డబ్బు ఆగిపోతే ఏం చేయాలో చూద్దాం.

కర్నూలు నుంచి తిరుపతికి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రెండు స్లీపర్ బెర్తులు తీసుకుంటున్నారనుకుందాం. 3వ తేదీ రాత్రి రూ.780 కట్టయినట్టు మెసేజ్ వచ్చింది, పీఎన్ఆర్ మాత్రం రాలేదు. టెన్షన్‌లో చాలామంది వెంటనే మళ్లీ కట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు ఐఆర్‌సీటీసీలో `Booked Ticket History` తెరిచి చూడండి. టికెట్ కాస్త ఆలస్యంగా బుక్ అయి అక్కడ కనిపించవచ్చు. అప్పటికే రెండోది కూడా కొనేసి ఉంటే, ఒకటి రద్దు చేసుకుని ఆ చార్జీ భరించాలి. పది అంకెల పీఎన్ఆర్ ఉంటే, వెయిటింగ్ లిస్టులో ఉన్నా సరే, అది బుక్ అయిన టికెట్టే. దానికి ఈ పాఠం వర్తించదు.

అక్కడ లేకపోతే `Failed Transaction History` చూడండి. పక్కనే యూపీఐ యాప్‌లో అదే చెల్లింపు తెరిచి, 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు రాసిపెట్టుకోండి. అసలు తేల్చుకోవాల్సింది ఒక్కటే: డబ్బు ఐఆర్‌సీటీసీకి చేరిందా, లేదా?

చేరకపోతే బాధ్యత బ్యాంకుది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు నిబంధన ప్రకారం, ఖాతాలో డబ్బు తగ్గి అమ్మకందారుకు నిర్ధారణ అందకపోతే ఐదు రోజుల్లోగా దానంతట అదే తిరిగి జమ కావాలి. ఇవి క్యాలెండర్ రోజులు, సెలవులూ కలుపుకోవాలి. మన ఉదాహరణలో గడువు 8వ తేదీ. అది దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం మీరు అడగకుండానే రావాలి. రాకపోతే యాప్‌లో ఆ చెల్లింపు మీదే ఫిర్యాదు పెట్టి, బ్యాంకుకూ రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా `cms.rbi.org.in`లో అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

డబ్బు చేరి టికెట్ మాత్రమే ఆగిపోతే, వెనక్కి పంపాల్సింది ఐఆర్‌సీటీసీ. కట్టిన ఖాతాకే వస్తుంది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. రీఫండ్ కొత్త లావాదేవీగా వస్తుంది, దానికి వేరే రిఫరెన్స్ నంబరు ఉంటుంది. పాత నంబరుతో స్టేట్‌మెంట్‌లో వెతికితే దొరకదు. 3వ తేదీ తర్వాత రూ.780 జమ ఏదైనా ఉందా అని చూడండి. లేకపోతే ఐఆర్‌సీటీసీని రీఫండ్ రిఫరెన్స్ నంబరు అడిగి తీసుకుని, దాంతో బ్యాంకుకు వెళ్లండి. "పంపేశాం" అన్న మాట ఒక్కటే పట్టుకెళ్తే బ్యాంకువాళ్లు వెతకలేరు. బస్సు టికెట్టుకైనా ఇదే పద్ధతి, అమ్మినవాళ్లను ఆ నంబరే అడగండి.

కస్టమర్ కేర్ నంబరును మాత్రం గూగుల్‌లో వెతక్కండి, అధికారిక యాప్‌లో ఉన్నదే వాడండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. రీఫండ్ కోసం పిన్ కొట్టమన్నారంటే వాళ్లు మోసగాళ్లే, ఫోన్ పెట్టేయండి.

వచ్చే పాఠంలో వెయిటింగ్ లిస్టు టికెట్ల రీఫండ్, టీడీఆర్ వేసే విధానం.