ఉప్పు-పంచదార నీళ్లు తాగించినా తగ్గట్లేదా? చెంచా కొలత ఒకసారి చూడండి

విరేచనాలయ్యే బిడ్డకు ఇంట్లో కలిపే ఈ నీళ్లకు ముందు సరైన కొలత. మరిగించి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు, పంచదార 6 టీస్పూన్లు, మెత్తటి ఉప్పు అర టీస్పూను. ఉప్పయినా పంచదారయినా చెంచాలో కుప్పగా ఉండకూడదు, పైన కత్తి వీపుతో గీసి చదును చేయాలి. ఇళ్లలో చెంచాలన్నీ ఒకే సైజులో ఉండవు. మీ చెంచాతో నీళ్లు తీసి, సిరప్ సీసాతో వచ్చే కొలత మూతలో పోసి చూడండి. 5 ఎం.ఎల్. గీత దగ్గర ఆగితే అదే టీస్పూను. కల్లుప్పయితే దంచి పొడి చేశాకే కొలవండి.

పేగు గోడ ఉప్పును లోపలికి లాక్కోవాలంటే చక్కెర తోడుండాలి. ఆ రెండూ వెళ్తేనే వాటి వెంట నీరు వెళ్తుంది. అందుకే ఏది మోతాదు తప్పినా ఫలితం తిరగబడుతుంది.

తాగించే కొద్దీ దాహం పెరుగుతోంది, బిడ్డ చిరాకు పడుతోంది, ఆపై మగతగా పడుకుంటోంది

ఉప్పు ఎక్కువై ఉండవచ్చు. అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇదే, జరిగే తీరు మాత్రం చాలా మామూలుగా ఉంటుంది. 'అర చెంచా ఉప్పు' అన్న మాట గుర్తుంటుంది, 'లీటరుకు' అన్నది మర్చిపోతారు. పావు లీటరు గ్లాసులో అర చెంచా వేసేస్తారు. లెక్క వేసి చూద్దాం. అర టీస్పూను ఉప్పు సుమారు 3 గ్రాములు. లీటరు నీళ్లలో కలిపితే సోడియం దాదాపు 50 మిల్లీమోల్స్ ఉంటుంది. అదే ఉప్పు పావు లీటరులో కలిపితే లీటరు లెక్కన 200 దాటుతుంది. మన రక్తంలో ఉండేదే 135 నుంచి 145. అంటే రక్తం కంటే ఉప్పగా ఉన్న నీళ్లు పట్టిస్తున్నారన్నమాట. రక్తంలో ఉప్పు పెరిగితే మెదడు కణాల్లోంచి నీరు బయటికి లాగేస్తుంది. ఫిట్స్ కూడా రావచ్చు.

కలిపాక ముందు మీరే రుచి చూడండి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోయాలి. అందులో ఇంకాస్త పంచదార వేసి సర్దకండి. ఉప్పదనం నాలుకకు తెలియదు కానీ ఉప్పు అలాగే ఉంటుంది. బిడ్డ ఒకటి రెండు చెంచాలే తాగి, హుషారుగా ఉంటే మళ్లీ సరిగ్గా కలిపి పట్టండి. గ్లాసుడు తాగేసినా, మగతగా ఉన్నా నేరుగా ఆసుపత్రికి వెళ్లి, ఎన్ని నీళ్లలో ఎంత ఉప్పు వేశారో డాక్టరుకు చెప్పండి. విరుగుడు అనుకుని మామూలు నీళ్లు గబగబా పట్టించవద్దు. పెరిగిన ఉప్పు ఒక్కసారిగా పడిపోతే మెదడు వాస్తుంది.

200 ఎం.ఎల్. గ్లాసు ఒక్కటే కలుపుకుందామంటే ఉప్పు చెంచాలో పదో వంతు కొలవాలి. అది ఎవరి వల్లా కాదు. చిటికెడు అన్నది ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటుంది. లీటరే కలిపి మూత పెట్టుకోండి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయండి. కలిపాక మరిగించకూడదు, నీరు ఇగిరి ఉప్పు చిక్కబడుతుంది.

తాగాక మోషన్స్ ఇంకా పెరిగాయి

పంచదార ఎక్కువై ఉండవచ్చు. పేగులో మిగిలిపోయిన చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది, అది విరేచనంగా పోతుంది. కూల్‌డ్రింకులు, షాపు జ్యూసులతోనూ ఇదే తంతు. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాలపై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి వాటిపై ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. కాబట్టి కొనేటప్పుడు పొడి ప్యాకెట్ అడగండి.

బాగానే తాగుతోంది, అయినా నీరసం పోవట్లేదు

నీళ్లు ఎక్కువై పలచబడి ఉండవచ్చు. లేదా పొటాషియం తక్కువై ఉండవచ్చు. విరేచనాలతో అదీ పోతుంది, ఉప్పు-పంచదార నీళ్లలో అది లేదు. అందుకే ఇవి ప్యాకెట్ దొరికేదాకా మాత్రమే. అరటిపండు, మెత్తటి అన్నం పెట్టండి, తల్లిపాలు ఆపకండి. ఆశా కార్యకర్తను అడిగితే ఓఆర్ఎస్ ప్యాకెట్, జింక్ మాత్రలు దొరుకుతాయి. ప్యాకెట్‌లోనూ లీటరుది, 200 ఎం.ఎల్.ది రెండూ ఉంటాయి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కలిపితే ఉప్పు ఐదింతలవుతుంది, మళ్లీ మొదటి సమస్యే. ఆరు నెలల లోపు పిల్లలకు ఇంటి మిశ్రమం జోలికి పోకుండా డాక్టరుకు చూపించండి.

తాగిన వెంటనే కక్కేస్తోంది

ఇది చాలాసార్లు కొలత తప్పు కాదు, గ్లాసు ఎత్తి పట్టించడమే కారణం. పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మొదలుపెట్టండి. నిలబడితే రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 ఎం.ఎల్., పెద్ద పిల్లలకు 100 నుంచి 200. అలా చెంచాతో పట్టినా అంతా కక్కేస్తున్నా, కళ్లు గుంటలు పడినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇక ఇంట్లో ఉంచకండి. దారిలో చెంచాతో పడుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మింగలేనంత మగతగా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకండి.