వేదికపై మాట – నాలుగవ పాఠం: మొదటి అర నిమిషం

గత పాఠంలో ప్రసంగానికి ఒకే విషయాన్ని ఎంచుకోవడం నేర్చుకున్నాము. ఈసారి శ్రోతను ఆ విషయంలోకి లాగే తొలి వాక్యాలను, అందులోనూ ఆశ్చర్యపరిచే వాస్తవంతో మొదలుపెట్టే పద్ధతిని పరిశీలిద్దాము.

ఆగస్టు 29న ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో మీకు ఐదు నిమిషాలు ఇచ్చారనుకోండి. ఒడియా మాధ్యమంలో చదివే మన పిల్లలకు ఇంట్లో తెలుగు చదవడం, రాయడం నేర్పాలన్నది మీ విషయం. "గిడుగు రామమూర్తి పంతులు గారు మన ఊళ్లోనే ఉపాధ్యాయులుగా పనిచేశారు" అని మొదలుపెడితే ఆ సభలో ఎవరూ తల ఎత్తరు, ఎందుకంటే అది అక్కడ అందరికీ తెలిసినదే. అదే వాక్యం గుంటూరులో చాలామందికి కొత్తగా వినిపిస్తుంది. కాబట్టి వాస్తవాన్ని వెతికే ముందు, ఈ శ్రోతల మనసులో ఇప్పటికే ఏ అభిప్రాయం ఉన్నదో కాగితంపై రాసుకోవాలి. ఇక్కడ ఆ అభిప్రాయం, గిడుగువారంటే వాడుక తెలుగు అని. దానిని కదిలించే వాస్తవం ఇలా ఉండవచ్చు:

"మనం ఎవరి పుట్టినరోజున తెలుగు పండుగ చేసుకుంటున్నామో, ఆ గిడుగువారు తనది కాని సవర భాషను పట్టుదలతో నేర్చుకొని, సవర పిల్లలు తమ భాషలోనే చదువుకోవాలని వాచకాలు రాశారు."

ఇక్కడ రెండు క్షణాలు ఆగండి. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో అచ్చయిందన్న వివరం ప్రసంగం మధ్యకు పనికివస్తుంది గాని, మొదట్లోనే చెబితే చెవి అంకె దగ్గర ఆగిపోతుంది. తరువాత రావలసినది, ఆ వాస్తవాన్ని మీ విషయంతో కలిపే వంతెన వాక్యం:

"పరుల బిడ్డలకు వారి భాషను అందించడానికి ఆయన అంత శ్రమపడితే, మన బిడ్డలకు మన లిపి నేర్పడానికి వారానికి ఒక గంట కేటాయించలేమా?"

ఎక్కువ ప్రసంగాలు చెడేది ఈ వంతెన దగ్గరే. వాస్తవం చెప్పగానే చప్పట్లు వస్తాయి, ఆ ఉత్సాహంలో వక్త ఆయన జీవిత చరిత్రలోకి వెళ్లిపోతాడు. దీన్ని పరీక్షించడానికి, ఈ రెండు భాగాలనూ ఇంట్లో ఒకరికి వినిపించి, "నేను దేని గురించి మాట్లాడబోతున్నాను?" అని అడగండి. "గిడుగువారి గురించి" అని జవాబు వస్తే వాస్తవాన్ని మార్చనక్కరలేదు, వంతెనను మాత్రం తిరగరాయాలి.

ప్రశ్నతోనే మొదలుపెట్టాలనుకుంటే, "మీ పిల్లలకు తెలుగు చదవడం వచ్చా? చేతులెత్తండి" అని అడగవద్దు; చేయి ఎత్తలేని తల్లిదండ్రులు నొచ్చుకుంటారు, ఆపైన మీరేం చెప్పినా వారి చెవికెక్కదు. "మన పిల్లలు ఇంటికి వచ్చిన తెలుగు శుభలేఖను ఎవరి చేత చదివించుకుంటున్నారు?" అని అడిగితే ఎవరినీ వేలెత్తి చూపినట్లు కాదు. చిన్నకథతో మొదలుపెట్టడానికి మరికొంత సమయం కావాలి కనుక ఐదు నిమిషాల ప్రసంగంలో నేను దానిని సూచించను.

ఇక అధ్యక్షులకు, అతిథులకు నమస్కారాలు మన సభల్లో మానడం కుదరదు. వాటిని ఒకే వాక్యంలో ముగించి, కాస్త ఆగి, ఆ తరువాతే మొదటి వాక్యం అందుకోండి.

అభ్యాసం: ఇదే విషయంపై బరంపురం శ్రోతలకూ, విజయవాడ శ్రోతలకూ వేర్వేరు తొలి వాక్యాలు రాసి, ఒక్కొక్కదానికి వంతెన వాక్యం జోడించండి. వచ్చే పాఠంలో ప్రసంగం నడిమి భాగాన్ని వాటి మీదనే నిర్మిస్తాము.