పర్మ్యుటేషన్ టెస్ట్‌లో పి-వాల్యూ నమ్మేలా లేకపోతే

రెండు గ్రూపుల సగటుల తేడాకి పర్మ్యుటేషన్ టెస్ట్ రాసినవాళ్లలో చాలామంది నేరుగా పి-వాల్యూ దగ్గరికి వెళ్లిపోతారు. దానికన్నా ముందు, లేబుళ్లు షఫుల్ చేశాక వచ్చిన తేడాలకి హిస్టోగ్రామ్ గీయండి. అది సున్నాకి అటూ ఇటూ పరుచుకుని ఉండాలి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పనే వదిలేస్తున్నారు.

పి-వాల్యూ సరిగ్గా 1 వచ్చింది

హిస్టోగ్రామ్‌లో ఒకటే కడ్డీ, అదీ అసలు తేడా దగ్గరే ఉంటుంది. అంటే లేబుళ్లు కదలనే లేదు. పాండాస్‌లో షఫుల్ చేసిన కాలమ్‌ని తిరిగి పెట్టేటప్పుడు, అది ఇండెక్స్ చూసి దేన్ని దాని చోటుకే చేర్చేస్తుంది.

```python
df["g2"] = df["g"].sample(frac=1)             # తప్పు
df["g2"] = df["g"].sample(frac=1).to_numpy()  # సరైనది
```

పి-వాల్యూ మరీ చిన్నగా వచ్చింది

అసలు ప్రమాదం ఇక్కడే, ఎందుకంటే ఎర్రర్ రాదు, హిస్టోగ్రామ్ కూడా చక్కగా సున్నా చుట్టూనే ఉంటుంది.

8 మొక్కలున్నాయి, 4 మొక్కలకి ఎరువు వేశారు. ఒక్కో మొక్కకి 10 ఆకుల పొడవు కొలిచారు కాబట్టి ఫైల్లో 80 వరుసలు. మొక్కల వారీ సగటులు ఎరువు వేసినవాటికి 52, 47, 55, 50 మి.మీ., వేయనివాటికి 46, 51, 44, 47. తేడా 4 మి.మీ. ఒకే మొక్క ఆకుల స్టాండర్డ్ డీవియేషన్ 2 మి.మీ. అనుకోండి. 80 లేబుళ్లనీ 9,999 సార్లు షఫుల్ చేస్తే పి-వాల్యూ దాదాపు 0.0001 వస్తుంది.

కానీ ఎరువు వేసింది ఆకుకి కాదు, మొక్కకి. ఈ టెస్ట్‌కి నార్మల్ డిస్ట్రిబ్యూషన్ అక్కర్లేదు గానీ, ఎరువు ప్రభావమే లేకపోతే లేబుళ్లు అటూ ఇటూ మార్చినా ఒకటే అన్న షరతు మాత్రం ఉంది. ఒకే మొక్క ఆకులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. వరుసల్ని షఫుల్ చేస్తే ఆ ఆకులు రెండు గ్రూపుల్లోకీ చెదిరిపోయి, మొక్కకీ మొక్కకీ ఉన్న తేడా చాలావరకు చెరిగిపోతుంది. హిస్టోగ్రామ్ సన్నబడుతుంది, 4 మి.మీ. పెద్ద వింతలా కనిపిస్తుంది.

మొక్కకి ఒక సగటు తీసి, 8 లేబుళ్లనే షఫుల్ చేయండి. 8లో 4 ఎంచుకునే పద్ధతులు 70 మాత్రమే, రాండమ్‌గా కాకుండా అన్నీ లెక్కపెట్టేయొచ్చు. వాటిలో తేడా ఏ వైపైనా 4 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవి 12. పి-వాల్యూ 12/70, అంటే 0.17.

నాలుగూ నాలుగూ మొక్కలతో రెండు వైపులా చూస్తే రాగల అతి చిన్న పి-వాల్యూ 2/70, సుమారు 0.029. అన్నీ లెక్కపెట్టినా అంతకన్నా బాగా చిన్నది వస్తే షఫుల్ చేసింది వరుసల్నే అయ్యుంటుంది.

మిగతావి

పి-వాల్యూ సున్నా వస్తే అసలు అమరికని లెక్కలో కలపలేదు. `(b+1)/(B+1)` వాడండి: `B` మొత్తం షఫుళ్లు, `b` వాటిలో అసలు తేడాని అందుకున్నవి లేదా దాటినవి. గ్రూపుల సైజులూ, వాటిలోని చెదురుదనమూ రెండూ బాగా వేరైతే, లేబుళ్లు షఫుల్ చేసిన ప్రతిసారీ సగటుల తేడా బదులు వెల్చ్ టి విలువని లెక్కగట్టి చూడండి.